పీట్ నేలలో మీటరు గ్రావెల్ పోస్తే 10 సెంటీమీటర్లే ఎందుకు మిగులుతుంది: రోడ్డుకు, ఇంటికి ఏం చేయాలి

ప్రశ్న: మా స్థలంలో పైనుంచి 4 మీటర్ల దాకా నల్లటి పీట్, దాని కింద గట్టి ఇసుక ఉందని సాయిల్ రిపోర్టు వచ్చింది. నీళ్లు నేలమట్టానికే ఉన్నాయి. రిపోర్టులో తేమ 500 శాతం అని రాశారు, అది అచ్చుతప్పా? లోపలికి ఒక రోడ్డు, చివర్లో ఒక అంతస్తు ఇల్లు కట్టాలి. కాంట్రాక్టరు "మీటరు గ్రావెల్ పోసి రోలర్ తిప్పితే గట్టిపడుతుంది, ఇంటికి అడుగంతా ఒకే కాంక్రీటు పలకగా రాఫ్ట్ వేసేద్దాం" అంటున్నారు. సరిపోతుందా?

సమాధానం:

అచ్చుతప్పు కాదు. మీ రిపోర్టులో అన్నింటికంటే ముఖ్యమైన అంకె అదే. కాంట్రాక్టరు చెప్పిన పద్ధతి ఎందుకు పనిచేయదో కూడా ఆ ఒక్క అంకెతోనే చెప్పవచ్చు.

నేలల విషయంలో తేమ శాతాన్ని పొడి మట్టి బరువుతో పోల్చి లెక్కిస్తారు. 500 శాతం అంటే కిలో పొడి పదార్థానికి 5 కిలోల నీళ్లు ఉన్నాయని అర్థం. పీట్‌లో ఉండేది రాయి పొడి కాదు, సగం కుళ్లిన వేర్లు, ఆకులు, నాచు. అందుకే దాని ఘనపదార్థం తేలిక. మామూలు మట్టి రేణువులు నీటికంటే 2.65 రెట్లు బరువుంటే, పీట్‌వి దాదాపు 1.5 రెట్లే. ఈ లెక్కన మీ 4 మీటర్ల పీట్‌లో ఘనపదార్థాన్ని మాత్రమే విడదీసి పేరిస్తే దాని మందం 47 సెంటీమీటర్లు. మిగతా మూడున్నర మీటర్లు నీళ్లు. మీరు ఇల్లు కట్టాలనుకుంటున్నది వేర్ల పోగుల మధ్య నిలిచిపోయిన ఆ నీటిమీద.

దీనివల్ల ఇంకో విషయం జరుగుతుంది, చాలామంది అక్కడే పొరబడతారు. ఈ పీట్ ఒక ఘన మీటరు బరువు సుమారు 1,060 కిలోలు, నీటికంటే 60 కిలోలు మాత్రమే ఎక్కువ. నీటిలో మునిగి ఉంది కాబట్టి కింది పొరల మీద పడే అసలు భారం ఆ 60 కిలోలే. అంటే 2 మీటర్ల లోతులో ఉన్న పీట్ ఇప్పటిదాకా మోసింది చదరపు మీటరుకు సుమారు 120 కిలోలు. దానిమీద ఒక మీటరు గ్రావెల్ పోస్తే ఒక్కసారిగా 1,900 కిలోలు వచ్చి పడతాయి. వేల ఏళ్లుగా మోస్తున్న బరువుకు అది దాదాపు పదహారు రెట్లు. ఏ నేల అయినా ఎంత కుంగుతుందన్నది కొత్త బరువు పాత బరువుకు ఎన్ని రెట్లు అన్నదాని మీద ఆధారపడుతుంది. పీట్ కుంగుదల అంత దారుణంగా ఉండటానికి మొదటి కారణం ఇదే.

మీ స్థలానికే లెక్క వేసి చూద్దాం. రిపోర్టులో శాంపిల్‌మీద బరువు పెట్టి కుంగుదల కొలిచే కన్సాలిడేషన్ టెస్టు ఉంటే అందులోని విలువలు వాడాలి. లేకపోతే నేల ఎంత తేలిగ్గా కుంగుతుందో చెప్పే Cc విలువను పీట్‌కు తేమ శాతంలో దాదాపు వందో వంతుగా తీసుకుంటారు, అంటే ఇక్కడ 5. ఘనపదార్థానికి ఖాళీలు ఎన్ని రెట్లో చెప్పే శూన్య నిష్పత్తి e0 = 5 × 1.5 = 7.5. ఎండాకాలంలో నీటిమట్టం కాస్త దిగడం వల్ల నేల కొంచెం బిగిసి ఉంటుందనుకుని, చదరపు మీటరుకు 500 కిలోల వరకు, అంటే సుమారు 5 kPa దాకా, ఇది పెద్దగా కదలదని ఉదారంగానే అనుకుంటున్నాను.

```
S = H × Cc/(1+e0) × log10(σf/σp)
  = 4 × 5/8.5 × log10(σf/5)
```

ఇక్కడ S అంటే కుంగుదల, H పీట్ మందం, σp పైన అనుకున్న 5 kPa, σf అంటే భారం పడ్డాక పీట్ మధ్యలో ఉండే ఒత్తిడి. గ్రావెల్ కిందికి దిగేకొద్దీ నీటిలో మునుగుతుంది. మునిగిన భాగం ఘన మీటరుకు సుమారు 1,000 కిలోల భారమే వేస్తుంది. దాన్ని కూడా కలిపి లెక్క కడితే, మీరు పోసిన మీటరు గ్రావెల్ 90 సెంటీమీటర్లు దిగిపోతుంది. మూడు నాలుగు నెలల తర్వాత మీకు పైన కనిపించేది 10 సెంటీమీటర్లు.

ఇక్కడినుంచే అసలు నష్టం మొదలవుతుంది. దిగిపోయింది కదా అని కాంట్రాక్టరు ఇంకో 90 సెంటీమీటర్లు పోస్తారు. అది మళ్లీ బరువే కాబట్టి మళ్లీ దిగుతుంది, మళ్లీ పోస్తారు. రోడ్డు పైభాగం నేలకంటే నిజంగా ఒక మీటరు ఎత్తులో నిలవాలంటే ఎంత పోయాలో అదే సూత్రంతో చూస్తే, కుంగుదల 2.2 మీటర్లు వస్తుంది. అంటే మొత్తం 3.2 మీటర్ల గ్రావెల్ పోయాలి. అందులో మూడింట రెండు వంతులు కంటికి కనిపించకుండా నేలలోకి వెళ్లిపోతుంది. మీటరు గ్రావెల్‌కు కొటేషన్ ఇచ్చిన మనిషి మూడింతలు పోయాల్సి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మీరు ఊహించుకోవచ్చు. పని సగంలో ఆగుతుంది, లేదా దిగుతుందని తెలిసే పైన తారు వేసేస్తారు.

రోలర్ సంగతి కూడా చెప్పాలి. రోలర్ గట్టిపరచేది గ్రావెల్‌ను మాత్రమే. కింద పీట్‌లోని నీళ్లు రోలర్ వెళ్లిన ఆ కొన్ని క్షణాల్లో బయటికి పోలేవు. పైగా వైబ్రేషన్ పెట్టి తిప్పితే పైన ఉండే వేర్ల చాప చిరిగిపోతుంది. ఈ నేలలో కాస్తయినా బలం ఉన్నది ఆ చాపకే. రోడ్డు కింద గడ్డి, వేర్లు చెక్కేయడం మిగతా నేలల్లో మంచి పద్ధతి, పీట్‌లో తప్పు. పొదలను నేలమట్టానికి నరికి, వేర్లను అలాగే ఉంచి, వాటిమీదే జియోటెక్స్‌టైల్ అనే గట్టి బట్ట పరచాలి.

ఆగిపోయిందనుకునే దశ

పీట్ మొదట్లో నీటిని బాగా వదులుతుంది. అందువల్ల మొదటి కుంగుదల వేగంగా, కొన్ని వారాల్లోనో నెలల్లోనో అయిపోతుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది. "ఇక సెటిల్ అయిపోయింది, తారు వేసేద్దాం" అనే మాట వచ్చేది అప్పుడే. నిజానికి అది ఆగలేదు, దాని లెక్క మారింది. నీళ్లు బయటికి పోవడం దాదాపు ముగిశాక, పోగులు ఒకదానిమీద ఒకటి జారుతూ, వాటి లోపలి సన్నని గదుల్లోని నీటిని వదులుతూ నలుగుతూనే ఉంటాయి. దీన్ని సెకండరీ కంప్రెషన్ అంటారు. మామూలు బంకమట్టిలో దాని వేగం Cc లో దాదాపు 4 శాతం, పీట్‌లో దాదాపు 6 శాతం. తేడా చిన్నదిగా అనిపిస్తుంది గానీ, పీట్ Cc విలువే బంకమట్టికంటే పది, ఇరవై రెట్లు ఎక్కువ.

మీ స్థలంలో ఇది కాలం పదిరెట్లు అయిన ప్రతిసారీ 14 సెంటీమీటర్లు. మొదటి దశ మూడు నెలల్లో అయిందనుకుంటే, మూడు నెలలనుంచి రెండున్నరేళ్లకు 14 సెంటీమీటర్లు, అక్కడినుంచి పాతికేళ్లకు ఇంకో 14. మొత్తం 28. రోడ్డు అంతా సమానంగా 28 సెంటీమీటర్లు దిగితే పెద్ద ఇబ్బంది లేదు. కానీ పీట్ మందం ఎక్కడా సమానంగా ఉండదు. 4 మీటర్లున్న చోట 28 దిగితే 2 మీటర్లున్న చోట 14 దిగుతుంది, కింద గట్టి కల్వర్టు ఉన్న చోట అసలు దిగదు. రోడ్డు అలలు అలలుగా మారేది అందుకే.

దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. గ్రావెల్ అడుగున పెట్టి నేల ఎంత దిగిందో కొలిచే సెటిల్‌మెంట్ ప్లేటు రీడింగులను మామూలు తేదీల స్కేలు మీద గీస్తే గీత చదునై ఆగిపోయినట్టు కనిపిస్తుంది. అవే రీడింగులను, కాలం పదిరెట్లయిన ప్రతిసారీ ఒకే దూరం జరిగే లాగ్ స్కేలు మీద గీయించండి. గీత తిన్నగా కిందికి వాలుతూనే ఉంటే ఆగలేదని అర్థం. ఎవరైనా మీకు చదునైన గ్రాఫు చూపిస్తే, కింది అక్షం ఏ స్కేలులో ఉందో ముందు అడగండి.

రోడ్డుకు నేనేం చేస్తాను

4 మీటర్ల లోతుకు నా దృష్టిలో రెండు దారులే గట్టిగా పోటీపడతాయి.

మొదటిది పీట్ మొత్తం తవ్వేసి ఇసుకో రాయో నింపడం. మీటరు ఎత్తు రోడ్డుకు ఇందులో 5 మీటర్ల మందం నింపాలి. ఖర్చు చూసి చాలామంది వెంటనే వద్దంటారు. కానీ పైన చూశాం, తవ్వకుండా పోసినా 3.2 మీటర్లు ఎలాగూ పోతుంది, పైగా ఆరేడు నెలలు ఆగాలి. రోడ్డు చిన్నదై, టైమ్ లేకపోతే తవ్వడమే మేలు. నీళ్లు తోడకుండా, నీటిలోనే పొక్లెయిన్‌తో తవ్వి వెంటవెంటనే నింపుకుంటూ పోవాలి. తోడితే గట్లు లోపలికి జారుతాయి. నింపే పదార్థం నీటిలో పడ్డా కుదురుకునే ఇసుక, గులకరాయి లాంటిదై ఉండాలి, బంకమట్టి పనికిరాదు. అడుగున పీట్ ముద్దలు చిక్కుకుపోవడమే ఇందులో పెద్ద ప్రమాదం. నింపుడు ముందుకు సాగేకొద్దీ మెత్తటి పీట్ దాని ముందర అలలా లేస్తుంది. ఆ అలను ఎప్పటికప్పుడు ఎత్తి పారేయకపోతే అది నింపుడు కిందకే దూరిపోతుంది. పని అయ్యాక కొన్నిచోట్ల బోరు వేసి, కింద ఇసుకమీద నేరుగా నింపుడే కూర్చుందని చూసుకోవాలి. లోతు 4, 5 మీటర్లు దాటితే ఈ దారి మానేయడం మంచిది.

రెండోది సర్చార్జ్, అంటే చివరికి ఉండాల్సిన బరువుకంటే ఎక్కువ బరువు ముందే పెట్టి, కొంతకాలం ఉంచి, ఎక్కువైనది తీసేయడం. టైమ్ ఉంటే నేను దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే సెకండరీ కంప్రెషన్‌ను నేరుగా తగ్గించేది ఇదే.

దీనికి గురి ముందే లెక్క కట్టుకోవాలి. మీ రోడ్డు తన చివరి బరువుతో పాతికేళ్లలో దిగేది 2.2 మీటర్లు, దానికి 28 సెంటీమీటర్లు కలిపితే సుమారు 2.5 మీటర్లు. ఆ 2.5 మీటర్లను ఇప్పుడే దించేయాలి. రోడ్డు ఎత్తుమీద ఇంకో మీటరు, అంటే నేలకంటే 2 మీటర్ల ఎత్తు దాకా గ్రావెల్ పోసి, దిగినప్పుడల్లా ఆ ఎత్తును నిలబెడుతూ పోతే కుంగుదల సుమారు 2.6 మీటర్ల దాకా వెళ్లగలదని లెక్క చెబుతోంది. కాబట్టి గురి అందుతుంది. ప్లేటు 2.5 మీటర్లు చూపించాక పై మీటరు తీసేస్తారు. తీసిన వెంటనే నేల కొద్దిగా పొంగుతుంది, తర్వాత చాలాకాలం దాదాపు కదలదు. ఆపై కుంగడం మళ్లీ మొదలైనా, వేగం మొదటి దానికంటే బాగా తక్కువ. తీసిన గ్రావెల్‌ను పక్క భాగానికి వాడుకోవచ్చు, అది వృథా కాదు.

ఇదంతా ఒక్కసారే పోయడానికి లేదు. మెత్తటి పీట్ కోత బలం మొదట్లో చదరపు మీటరుకు 600 కిలోల దగ్గర ఉందనుకోండి. అది విరిగిపోకుండా మోయగలిగేది దానికి ఐదు రెట్లు, అంటే 3,000 కిలోలు. కాస్త భద్రత వదిలితే మొదటిసారి మీటరుకు మించి పోయకూడదు. ఆ బరువుకు పీట్ నలిగి బలపడుతుంది. నలిగిన పీట్ బలం దానిమీద నిజంగా పడిన ఒత్తిడిలో దాదాపు సగం దాకా పెరుగుతుంది, ఈ విషయంలో ఇది బంకమట్టికంటే మెరుగు. అందుకని మొదట జియోటెక్స్‌టైల్, దానిమీద జియోగ్రిడ్ అనే గట్టి జాలీ, ఆపైన అర మీటరు చొప్పున రెండు పొరలు. నెల, నెలన్నర ఆగి, నేలలోని నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటరులో ఆ ఒత్తిడి దిగాక తర్వాతి పొర. గట్టును రెండువైపులా వెడల్పంతా సమానంగా పెంచాలి. లారీలు ఒకేచోట కుప్ప పోసి వెళ్లిపోతే ఆ కుప్ప కిందే విరుగుతుంది.

విరగబోతోందని ముందే ఎలా తెలుస్తుంది? గట్టు పాదం బయట రెండు మీటర్ల దూరంలో కొయ్యమేకులు వరుసగా పాతి, రోజూ వాటి దూరం, ఎత్తు కొలవండి. ప్లేటు దిగుతూ మేకులు కదలకుండా ఉంటే నేల నలుగుతోంది, మంచిదే. ప్లేటు దిగినంత వేగంగా మేకులు కూడా బయటికి జరగడం, పైకి లేవడం మొదలైతే పీట్ నలగట్లేదు, పక్కకు తన్నుకుపోతోంది. గట్టు అంచుకు సమాంతరంగా పొడుగాటి పగుళ్లు కనిపించాయంటే ఇక ఎదురుచూడకుండా పైపొర తీసేయాలి. పగుళ్లలో మట్టి నింపి పోయడం కొనసాగించడం చాలా సైట్లలో చూశాను. పగులు మూసినంత మాత్రాన కింద తెగిన పీట్ అతుక్కోదు.

నీళ్లు త్వరగా బయటికి పోవడానికి నేలలో దింపే నిలువు డ్రెయిన్ల గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. 4 మీటర్ల పీట్, కింద ఇసుక ఉన్నప్పుడు నీళ్లు పైకీ కిందికీ పోతాయి కాబట్టి వాటి అవసరం తక్కువ. పైగా నేల సగానికి నలిగినప్పుడు డ్రెయిన్ కూడా మడతపడుతుంది. నేనైతే ఆ డబ్బు ఇంకో నాలుగు ప్లేట్లకు పెడతాను.

బరువు పెంచకుండా వేసే దారి

పైన చెప్పినవి రెండూ పీట్‌ను తీసేయడమో నలిపేయడమో. మూడో ఆలోచన అసలు బరువే వేయకపోవడం. 1830లో మొదలైన లివర్‌పూల్–మాంచెస్టర్ రైలుమార్గం చాట్ మాస్ అనే పీట్ బీడును దాటాల్సి వచ్చినప్పుడు జార్జ్ స్టీఫెన్సన్ చేసింది ఇదే. కట్టెల తడికలు, పొదలు, కొమ్మలు పరచి వాటిమీద పట్టాలను తేల్చారు. ఆ మార్గంలో ఇప్పటికీ రైళ్లు తిరుగుతున్నాయి. ఈ కాలంలో అదే పనిని ఈపీఎస్ దిమ్మెలు, అంటే థర్మోకోల్ పెద్ద బ్లాకులు చేస్తాయి. రోడ్డు కట్టల్లో వీటిని 1972లో నార్వేలో, ఓస్లో దగ్గర ఒక వంతెన అప్రోచ్‌కు వాడటంతో ఈ పద్ధతి మొదలైంది. ఘన మీటరు బరువు 20 కిలోల దగ్గర ఉంటుంది, గ్రావెల్‌లో వందో వంతు.

కానీ దీని లెక్క జాగ్రత్తగా చూడాలి. బ్లాకులు తేలికైనా పైన వేసే కాంక్రీటు స్లాబు, మెటల్, తారు కలిసి అర మీటరు మందం ఉంటే అవే చదరపు మీటరుకు 1,000 కిలోలు. మీ పీట్ మీద ఆ వెయ్యి కిలోలే 80 సెంటీమీటర్లు కుంగదీస్తాయి. అందుకని బ్లాకులను నేలమీద పేర్చితే చాలదు. ఒక మీటరు పీట్ తీసి, ఆ గోతిలో నీటిమట్టం కింద మీటరు ఈపీఎస్ పెడితే, నీళ్లు దాన్ని పైకి తోసే బలం సుమారు 980 కిలోలు. పైన రోడ్డు పొరల 1,000 కిలోలతో అది దాదాపు సరిపోతుంది. రోడ్డు ఒక పడవలా తన బరువును తానే మోసుకుంటుంది, పీట్‌కు కొత్త భారం దాదాపు ఏమీ తెలియదు.

ఈ సమతూకం నీటిమట్టం మీద నిలిచి ఉంది, దాని హద్దు కూడా అక్కడే. వరద వచ్చి నీళ్లు రోడ్డు పొరలను ముంచితే వాటి బరువు సగానికి పడిపోతుంది, అప్పుడు బ్లాకులు రోడ్డును పైకి లేపేస్తాయి. ఎండాకాలంలో నీళ్లు మీటరు దిగితే ఆ 1,000 కిలోలూ నేరుగా పీట్ మీదకు వస్తాయి. కాబట్టి ఏడాది పొడవునా నీటిమట్టం ఎంత మారుతుందో రికార్డు లేకుండా ఈ డిజైన్ చేయనివ్వకండి. ఇంకోటి, పెట్రోలు, డీజిల్ పడితే ఈపీఎస్ కరిగిపోతుంది. అందుకే పైన కాంక్రీటు స్లాబు, చుట్టూ పెట్రోలు తట్టుకునే షీటు తప్పనిసరి.

నీటిమట్టం మాట వచ్చింది కాబట్టి, రోడ్డు పక్కన లోతు కాలువలు తవ్వి "ఆరబెట్టే" ఆలోచన ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. నీళ్లు ఒక మీటరు దించడమంటే కింది పీట్ మీద చదరపు మీటరుకు 1,000 కిలోలు కొత్తగా పెట్టినట్టే. ఆ పైన, నీళ్లు దిగిన పీట్‌కు గాలి తగిలి అది కుళ్లి మాయమవడం మొదలవుతుంది. అది ఏ లోడింగూ లేకుండా ఏళ్ల తరబడి సాగుతుంది. ఇంగ్లండ్‌లోని హోమ్ ఫెన్‌లో 1851లో నీళ్లు బయటికి తీసేసినప్పుడు ఒక ఇనుప స్తంభాన్ని పైభాగం నేలమట్టానికి వచ్చేలా పాతారు. నేల దిగిపోయి ఇప్పుడు ఆ స్తంభం దాదాపు 4 మీటర్లు బయటికి కనిపిస్తోంది. స్తంభం కదల్లేదు, దాని చుట్టూ ఉన్న నేల పోయింది.

ఇంటికి

ఒక అంతస్తు ఇల్లు రాఫ్ట్‌తో కలిపి చదరపు మీటరుకు సుమారు 1,000 కిలోలనుకుందాం. కుంగుదల 80 సెంటీమీటర్లు. రాఫ్ట్ గట్టిది కాబట్టి గోడలు పగలకపోవచ్చు. కానీ ఇంటికి ఒక పక్క పీట్ 4 మీటర్లు, ఇంకో పక్క 3 మీటర్లు ఉంటే, ఒక పక్క 80, ఇంకో పక్క 60 దిగుతుంది. పది మీటర్ల ఇంటికి 20 సెంటీమీటర్ల వాలు. రాఫ్ట్ పగులును ఆపుతుంది, ఒరగడాన్ని ఆపలేదు. నేరుగా పీట్ మీద రాఫ్ట్ వద్దు.

తవ్వి నింపడం ఇంటికి కూడా చేయవచ్చు, కానీ పరిమాణం చూడండి. ఇంటి భారం నింపుడులో పక్కలకు విస్తరిస్తుంది కాబట్టి, 10 × 12 మీటర్ల ఇంటికి గొయ్యి అడుగున 18 × 20 మీటర్లు ఉండాలి. గట్లు ఒకటికి ఒకటి వాలులో నిలిచినా పైన 26 × 28 అవుతుంది. 480 ఘన మీటర్లు తవ్వితే చాలనుకున్న చోట 2,100 తవ్వాలి. తవ్విన పీట్‌ను ఎక్కడ వేస్తారన్నది ఇంకో సమస్య, ఆరితే అది నిప్పంటుకుంటుంది.

అందుకే మీ ఇంటికి నా సలహా పైల్స్, అంటే కింది గట్టి నేలలోకి దించే స్తంభాలు. 4 మీటర్ల కింద గట్టి ఇసుక ఉంది కాబట్టి, దానిలోకి తగినంత దిగే పైల్స్ వేసి, వాటిమీద బీములు, బీముల మీద స్లాబు. ఇక్కడ ఒక్క మాట డ్రాయింగులో స్పష్టంగా రాయించుకోండి: గ్రౌండ్ ఫ్లోర్ కూడా పూర్తిగా పైల్స్ మీద మోసే స్లాబే కావాలి. గోడలకు పైల్స్ వేసి, గదుల్లో మాత్రం మట్టి నింపి ఫ్లోరింగ్ వేయడం చాలామంది చేసే పని. గోడలు నిలబడతాయి, నేల గదుల మధ్య గిన్నెలా దిగిపోతుంది.

రెండో మాట ఇంకా ముఖ్యం. స్థలం ఎత్తు పెంచడానికి ఇంటి చుట్టూ మట్టి పోయకండి. ఆ మట్టికి చుట్టూ పీట్ దిగుతుంది, దిగుతూ పైల్స్‌ను పట్టుకుని కిందికి లాగుతుంది. ఇల్లు మోయడానికి డిజైన్ చేసిన పైల్ అదనంగా ఆ లాగుడును కూడా మోయాల్సి వస్తుంది. తప్పనిసరిగా పోయాల్సి వస్తే ముందు పోసి, నెలల తరబడి దిగనిచ్చి, ఆ తర్వాతే పైల్స్ వేయాలి, ఆ లాగుడు బరువును పైల్ డిజైన్‌లో కలపాలి.

పైల్స్ ఇల్లు నిలబడుతుంది, చుట్టూ నేల మాత్రం దిగుతుంది. మలేషియాలో సరవాక్ రాష్ట్రంలోని సిబు పట్టణం లోతైన పీట్ మీద పెరిగింది, ఇళ్ల చుట్టూ నేల, రోడ్లు దిగిపోవడం అక్కడ ఎప్పుడూ ఉన్న సమస్యే. ఈ తేడా మొదట తగిలేది గోడకు కాదు, గోడలోంచి బయటికి వచ్చే మురుగు పైపుకు. ఇంటివైపు కదలదు, బయటివైపు దిగుతుంది, గోడ దగ్గరే తెగుతుంది. ఆ మురుగు కనిపించకుండా ఇంటి కిందకే వెళుతుంది. అందుకని ఇంటి కింది పైపులన్నీ స్లాబుకు క్లాంపులతో వేలాడదీయాలి, మట్టిలో పూడ్చకూడదు. గోడ దాటిన చోట వంగే జాయింటు పెట్టాలి, అక్కడినుంచి వాలు మామూలుకంటే ఎక్కువ ఉంచాలి, బయటి కొస కదిలినా నీళ్లు వెనక్కి రాకుండా. సెప్టిక్ ట్యాంకును కూడా పైల్స్ మీదే పెట్టి, వాటికి కిందినుంచి కట్టేయాలి. ఖాళీ చేసినప్పుడు నీళ్లు దాన్ని పైకి తోస్తాయి, చుట్టూ పట్టుకోవడానికి పీట్‌లో బలం లేదు. గుమ్మం ముందు మెట్లు ఇంటికి కలిపి పోయకండి. ఒక అంచు ఇంటి బీము మీద, ఇంకో అంచు నేలమీద ఆనే స్లాబు వేస్తే నేల దిగినకొద్దీ అది వాలుతుంది గానీ విరగదు. పీట్ నీళ్లు ఆమ్లంగా ఉంటాయి కాబట్టి పైల్ కాంక్రీటుకు పీహెచ్, సల్ఫేట్ టెస్టులు చేయించి, దాన్నిబట్టి సిమెంటు, కవర్ నిర్ణయించాలి.

ముందు ఏం కొలవాలి

మీ రిపోర్టులో ఒక్క బోరు ఉంటే ఇవన్నీ ఊహలే. 4 మీటర్లన్న అంకె ఒక్క చోటిది. సన్నని ఉక్కు కడ్డీ, జాయింట్లతో ఐదారు మీటర్లకు పెంచుకునేది, చేత్తోనే పీట్‌లోకి దిగిపోతుంది, ఇసుక తగలగానే గరగరమని ఆగుతుంది. ఇంటి చోట రెండు మూడు మీటర్లకు ఒకటి, రోడ్డు పొడవునా పది మీటర్లకు ఒకటి, మధ్యలో, రెండు అంచుల్లో గుచ్చి లోతుల మ్యాపు గీయండి. ఇద్దరు మనుషులు ఒక రోజులో చేసే పని. ఏ బోరు కంటే ఇదే మీ డిజైన్‌ను ఎక్కువ మారుస్తుంది.

మీటరుకో శాంపిల్ తీసి గుప్పెట్లో గట్టిగా పిండి చూడండి. గోధుమరంగు మురికి నీళ్లు మాత్రమే వచ్చి, చేతిలో వేర్లు, ఆకుల ఆకారం ఇంకా తెలుస్తుంటే అది పీట్ ఎంత కుళ్లిందో చెప్పే వాన్ పోస్ట్ స్కేలులో H3 దగ్గర, పోగులున్న పీట్. వేగంగా ఎక్కువగా దిగుతుంది, కానీ గట్టును మోయడంలో పోగులు సాయపడతాయి. మూడింట రెండు వంతులు ముద్దగా వేళ్ల సందుల్లోంచి జారిపోతే H8, బాగా కుళ్లినది. నీళ్లు నెమ్మదిగా వదులుతుంది, తేలిగ్గా పక్కకు తన్నుకుపోతుంది, పొరల మధ్య ఆగే కాలం పెంచాలి. ప్రతి శాంపిల్‌కు తేమ శాతం, 440 డిగ్రీల దగ్గర కాల్చి బూడిద శాతం అడగండి. కాలిపోయినది 75 శాతం దాటితే నిజమైన పీట్. 30, 40 శాతమే అయితే అది సేంద్రియ బంకమట్టి, దానికి నేను పైన వాడిన Cc, సెకండరీ విలువలు వర్తించవు, లెక్క మళ్లీ వేయాలి. కన్సాలిడేషన్ టెస్టులో ప్రతి బరువునూ ఒక్క రోజుతో ఆపకుండా, కనీసం రోడ్డు చివరి బరువు దగ్గర ఒక వారం ఉంచమని ల్యాబుకు రాసి ఇవ్వండి. సెకండరీ వాలు ఆ వారంలోనే కనిపిస్తుంది. ఇవి వచ్చేదాకా ఒక్క లారీ గ్రావెల్ కూడా దింపించకండి. దింపితే నీటిమట్టం, లోతు కొలిచే అసలు నేలే మీకు దొరకదు.